బ్యాంకర్స్ అల్గారిథమ్: ఒక్క యూనిట్ ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఆపాలి

ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో బ్యాంకర్స్ అల్గారిథమ్ లెక్క కనిపిస్తే చాలామంది ముందు దాన్నే పట్టుకుంటారు. కూడికలు, తీసివేతలు తప్ప ఇందులో ఏముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఇంజినీరింగ్‌లో ఒక ఇంటర్నల్ పరీక్షలో మొదటి భాగం చక్కగా చేశాను. అన్ని ప్రాసెస్‌లూ పూర్తయ్యే వరుస, అంటే సేఫ్ సీక్వెన్స్ కూడా సరిగ్గానే వచ్చింది. ఆ తర్వాత రెండు చిన్న ప్రశ్నలు ఉన్నాయి: ఫలానా ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ప్రింటర్ లాంటి ఏదైనా రిసోర్స్‌లో ఇంకో యూనిట్ అడిగితే ఇవ్వవచ్చా, లేదా? ఒక ప్రాసెస్ పూర్తవుతోందని కనిపించగానే 'ఇవ్వవచ్చు' అని రాసేసి పేజీ తిప్పాను. ఆ మార్కులు పోయాయి.

ఈ లెక్కలో అసలు పరీక్ష ఆ రెండో భాగంలోనే ఉంటుంది. అందుకే ఒక చిన్న టేబుల్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. ఒకే రిక్వెస్ట్‌ను ఒక ప్రాసెస్ అడిగితే ఇవ్వవచ్చు, ఇంకొకటి అడిగితే ఇవ్వకూడదు అని తేలేలా అంకెలు ఎంచుకున్నాను.

## ముందు అప్పులిచ్చే ఆయన సంగతి

ఈ పద్ధతిని 1960ల్లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో పనిచేస్తున్నప్పుడు కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా రూపొందించాడు. ప్రాసెస్‌లు ఒకదాని దగ్గరున్న రిసోర్స్ కోసం ఇంకొకటి ఎదురుచూస్తూ ఏదీ కదలలేకపోవడమే డెడ్‌లాక్, అది రాకుండా చూడటమే ఈ పద్ధతి పని. అప్పట్లో డెడ్‌లాక్‌ను 'ప్రాణం తీసే కౌగిలి' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. మనకైతే ధృతరాష్ట్ర కౌగిలి గుర్తొస్తుంది. డైక్‌స్ట్రా చెప్పింది ఒకే రకం రిసోర్స్ గురించి. చాలా రకాల రిసోర్స్‌లు ఉన్నప్పుడు ఎలా చేయాలో 1969లో హాబర్‌మన్ చూపించాడు. పరీక్షలో మనం చేసేది ఈ రెండోదే.

బ్యాంకర్ అనే పేరు ఎందుకో చిన్న లెక్కతో చూద్దాం. ఒకాయన దగ్గర మొత్తం 10 లక్షలు ఉన్నాయి. ముగ్గురు ఇళ్లు కట్టుకుంటున్నారు. మొదటివాడికి 8 లక్షల దాకా ఇస్తానని మాట ఇచ్చాడు, ఇప్పటికి 4 ఇచ్చాడు. రెండోవాడి పరిమితి 5, తీసుకున్నది 2. మూడోవాడి పరిమితి 9, తీసుకున్నది 1. చేతిలో 3 లక్షలు మిగిలాయి. ఇల్లు పూర్తయితేనే ఎవరైనా తీసుకున్నదంతా తిరిగి ఇస్తారు, మధ్యలో పైసా రాదు.

రెండోవాడికి ఇంకా కావాల్సింది 3. ఉన్న 3 వాడికిస్తే ఇల్లు పూర్తిచేసి మొత్తం 5 తెచ్చి ఇస్తాడు. ఆ 5లోంచి మొదటివాడికి 4 ఇస్తే వాడూ పూర్తిచేస్తాడు, చేతిలోకి 9 వస్తాయి. మూడోవాడికి కావాల్సింది 8, అదీ సరిపోతుంది. అందరి ఇళ్లూ పూర్తయ్యే దారి ఒకటి ఉంది. దీన్నే సేఫ్ స్టేట్ అంటారు.

ఇప్పుడు మూడోవాడు వచ్చి 'అన్నా, ఒక్క లక్ష సర్దు' అన్నాడనుకోండి. చేతిలో 3 ఉన్నాయి కాబట్టి ఇవ్వగలడు. కానీ ఇస్తే 2 మిగులుతాయి. ముగ్గురికి ఇంకా కావాల్సినవి 4, 3, 7. ఆ రెండు లక్షలతో ఎవరి ఇల్లూ పూర్తికాదు, ఎవరి దగ్గర నుంచీ డబ్బు తిరిగి రాదు. తెలిసిన బ్యాంకర్ ఆ లక్ష ఇవ్వడు. చేతిలో ఉందా అని కాదు, ఇచ్చాక అందరూ పూర్తయ్యే దారి మిగులుతుందా అని చూస్తాడు. మిగతాదంతా దీన్నే మూడు కాలమ్‌లకు పెంచి చేయడం.

## ప్రశ్న

నాలుగు ప్రాసెస్‌లు, మూడు రకాల రిసోర్స్‌లు. ప్రశ్నపత్రంలో ఇలా ఉందనుకుందాం:

```
       Allocation     Max
       A  B  C        A  B  C
P0     2  1  1        5  2  3
P1     1  0  2        2  1  3
P2     3  1  1        7  3  2
P3     1  2  1        4  3  4

Total: A = 9, B = 5, C = 6
```

అడిగినవి: ఈ స్టేట్ సేఫా కాదా? P0 గనక (1,0,0) అడిగితే వెంటనే ఇవ్వవచ్చా? అదే (1,0,0) P2 అడిగితే? P3 (0,0,1) అడిగితే?

అలకేషన్ అంటే ఆ ప్రాసెస్ దగ్గర ఇప్పటికే ఉన్నది. మ్యాక్స్ అంటే మొదలయ్యేటప్పుడే 'నాకు మొత్తం మీద ఇంతకు మించి అవసరం రాదు' అని అది చెప్పుకున్న పరిమితి. మ్యాక్స్‌లో అలకేషన్ కూడా కలిసే ఉంటుంది. ఇదొక్కటి తప్పుగా అర్థమైతే తర్వాతి అంకెలన్నీ తప్పుతాయి.

ఒకవేళ మ్యాక్స్ బదులు రిక్వెస్ట్ అనే టేబుల్ ఇచ్చి 'డెడ్‌లాక్ ఉందా?' అని అడిగితే అది వేరే లెక్క, డెడ్‌లాక్ డిటెక్షన్. అక్కడ తీసివేత ఉండదు, ఇచ్చిన రిక్వెస్ట్‌నే నేరుగా పోల్చాలి. పెన్ను పెట్టే ముందు టేబుల్ పైనున్న పేరు ఒకసారి చదవండి.

## మొదటి అడుగు: నీడ్, అవైలబుల్

నీడ్ అంటే ఇంకా కావాల్సి రావచ్చు అనుకునేది. ప్రతి గడిలోనూ మ్యాక్స్‌లోంచి అలకేషన్ తీసేస్తే వస్తుంది.

```
Need = Max - Allocation

       A  B  C
P0     3  1  2
P1     1  1  1
P2     4  2  1
P3     3  1  3
```

ఎక్కడైనా మైనస్ అంకె వస్తే మీరు తప్పు కాలమ్ చూసి తీసేశారని అర్థం. పరిమితికి మించి ఎవరి దగ్గరా ఉండదు.

అవైలబుల్ కొన్ని ప్రశ్నల్లో నేరుగా ఇస్తారు. ఇక్కడ టోటల్ ఇచ్చారు కాబట్టి మనమే కట్టుకోవాలి. అలకేషన్ కాలమ్‌లను కిందికి కూడితే A లో 2+1+3+1 = 7, B లో 1+0+1+2 = 4, C లో 1+2+1+1 = 5. వీటిని టోటల్‌లోంచి తీసేస్తే:

```
Available = (9,5,6) - (7,4,5) = (2,1,1)
```

తొందరలో టోటల్‌నే అవైలబుల్ అనుకుని మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. అప్పుడు ఏ ప్రాసెస్ అయినా ముందే పూర్తవుతుంది, P0, P1, P2, P3 అని చక్కటి వరుస వచ్చేస్తుంది. లెక్క అంత సులువుగా తేలితే అనుమానించాల్సింది ఇక్కడే.

## రెండో అడుగు: సేఫ్టీ పరీక్ష

వర్క్ అనే ఒక వరుస పెట్టుకుంటాం. మొదట అది అవైలబుల్‌తో సమానం, అంటే (2,1,1). నీడ్ మొత్తం వర్క్‌లో ఇమిడే ప్రాసెస్‌ను వెతకాలి. దొరికితే అది పూర్తయినట్టు గుర్తు పెట్టుకుని, దాని అలకేషన్‌ను వర్క్‌కు కలపాలి. మళ్లీ వెతకాలి.

ఇమడడం అంటే మూడు కాలమ్‌లూ విడివిడిగా ఇమడాలి. A కి A, B కి B, C కి C. ఒక్కటి ఎక్కువైనా ఆ ప్రాసెస్ ఆగాల్సిందే.

పైనుంచి మొదలుపెడదాం. P0 నీడ్ (3,1,2). A దగ్గరే 3 కావాలి, ఉన్నది 2. కుదరదు. P1 నీడ్ (1,1,1), వర్క్ (2,1,1). మూడూ సరిపోయాయి. P1 పూర్తయి తన దగ్గరున్న (1,0,2) వదిలేస్తుంది. వర్క్ (3,1,3) అవుతుంది.

P2 నీడ్ (4,2,1). A లో 4 కావాలి, 3 ఉన్నాయి. కుదరదు. P3 నీడ్ (3,1,3), వర్క్ కూడా (3,1,3). సమానమైనా చాలు, మిగలాల్సిన పని లేదు. P3 పూర్తయి (1,2,1) వదిలింది. వర్క్ (4,3,4).

మళ్లీ పైకి వెళితే P0 నీడ్ (3,1,2) ఇప్పుడు ఇమిడింది. వర్క్ (6,4,5). చివరగా P2 నీడ్ (4,2,1), అదీ సరే. వర్క్ (9,5,6).

జవాబు పత్రంలో ఇది ఇలా ఉంటే దిద్దేవారికి ఒక్క చూపులో తెలుస్తుంది:

```
Work = (2,1,1)
P0: (3,1,2) <= (2,1,1)?  No
P1: (1,1,1) <= (2,1,1)?  Yes   Work = (3,1,3)
P2: (4,2,1) <= (3,1,3)?  No
P3: (3,1,3) <= (3,1,3)?  Yes   Work = (4,3,4)
P0: (3,1,2) <= (4,3,4)?  Yes   Work = (6,4,5)
P2: (4,2,1) <= (6,4,5)?  Yes   Work = (9,5,6)

Safe sequence: <P1, P3, P0, P2>
```

కుదరని వాటిని కూడా రాయండి. ఎక్కడో ఒక అంకె తప్పినా, పద్ధతి తెలుసని ఆ వరుసలే చూపిస్తాయి.

చివరి వర్క్ టోటల్‌తో సరిపోవాలి. అందరూ పూర్తయ్యాక అన్నీ తిరిగి వచ్చేసి ఉండాలి కదా. ఇక్కడ (9,5,6) వచ్చింది, టోటల్ కూడా (9,5,6). సరిపోకపోతే ఎక్కడో కూడిక తప్పింది. పరీక్ష హాల్లో లెక్క సరిచూసుకోవడానికి ఇంతకంటే చవకైన దారి నాకు తెలియదు.

ఒక కాలమ్ కాదు, మొత్తం కూడి పోల్చే అలవాటు కొందరికి ఉంటుంది. పై లెక్కలో P1 తర్వాత వర్క్ (3,1,3), కూడితే 7. P2 నీడ్ (4,2,1), కూడితే అదీ 7. 'సరిపోయింది' అని P2ను రెండో స్థానంలో రాసేస్తారు. ప్రింటర్ అడిగినవాడికి టేప్ డ్రైవ్ ఇచ్చి సర్దుకోమనలేం. రకాలు వేరు కాబట్టి కాలమ్‌లు వేరు.

## అలకేషన్ ఎందుకు కలుపుతాం, మ్యాక్స్ ఎందుకు కాదు

చాలామంది తప్పు చేసే చోటు ఇది. పూర్తయిన ప్రాసెస్ తన మ్యాక్స్ అంతా వదులుతుంది కదా, అప్పుడు మ్యాక్స్ కలపాలి కదా అన్నది వాళ్ల వాదన. సగం నిజమే. అది మ్యాక్స్ అంతా వదులుతుంది. కానీ ఆ మ్యాక్స్ చేరడానికి కావాల్సిన నీడ్‌ను మనమే ముందు వర్క్‌లోంచి ఇచ్చాం.

P1 విషయంలో రెండు దశలూ విప్పి చూస్తే తెలుస్తుంది. వర్క్ (2,1,1) లోంచి P1కు (1,1,1) ఇస్తే చేతిలో (1,0,0) మిగులుతుంది. P1 పూర్తయి తన మ్యాక్స్ (2,1,3) అంతా వదిలితే చేతిలోకి (3,1,3) వస్తాయి. నేరుగా అలకేషన్ (1,0,2) కలిపినా వచ్చేది (3,1,3) నే. ఇచ్చి తీసుకున్న నీడ్ రెండువైపులా కొట్టుకుపోతుంది, మిగిలేది అలకేషన్.

మ్యాక్స్ కలిపేస్తే వర్క్ టోటల్‌ను దాటి పెరుగుతుంది. మొదటి లెక్కలోనే (3,1,3) బదులు (4,2,4) వస్తుంది. చివరికి వచ్చేసరికి వ్యవస్థలో లేని రిసోర్స్‌లు కూడా మీ దగ్గర ఉంటాయి. చివరి వర్క్‌ను టోటల్‌తో పోలిస్తే ఈ తప్పు ఇట్టే బయటపడుతుంది.

## స్నేహితుడికి వేరే వరుస వచ్చింది, ఎవరిది తప్పు?

పరీక్ష అయ్యాక బయట వరండాలో వచ్చే టెన్షన్ ఇది. ఈ టేబుల్‌కు సేఫ్ సీక్వెన్స్‌లు నాలుగు ఉన్నాయి. P1 తప్పనిసరిగా మొదట రావాలి, ఎందుకంటే (2,1,1) తో ఇంకెవరూ పూర్తికారు. ఆ తర్వాత P0 అయినా రావచ్చు, P3 అయినా రావచ్చు. మిగిలిన ఇద్దరు ఏ వరుసలో అయినా వస్తారు. రాకూడనిది ఒక్కటే, P2 రెండో స్థానంలో. ప్రతి ప్రాసెస్ తర్వాత మళ్లీ పైనుంచి వెతికేవారికి P1, P0, P2, P3 వస్తుంది. మనలా కిందికి వెళ్తూ తిరిగి వచ్చేవారికి P1, P3, P0, P2. రెండూ సరైనవే. ప్రశ్నలో ప్రత్యేకంగా ఒక క్రమం పాటించమని చెబితే మాత్రం దాన్ని పాటించాలి.

దీని వెనకున్న కారణం తెలిస్తే ఇంకో సందేహం కూడా తీరుతుంది: ఇద్దరు అర్హులు ఉన్నప్పుడు తప్పు మనిషిని ఎంచుకుని చివరికి ఇరుక్కుపోతామా? ఇరుక్కోం. ప్రాసెస్ పూర్తయిన ప్రతిసారీ వర్క్ పెరుగుతుందే గానీ తగ్గదు. ఇప్పుడు పూర్తికాగలిగినది తర్వాతైనా పూర్తికాగలదు. కాబట్టి ఒక దారిలో వెళ్లి ఇరుక్కుంటే అన్ని దారుల్లోనూ ఇరుక్కుంటాం. వెనక్కి వచ్చి వేరే వరుస ప్రయత్నించడం వృథా. 'ఇక ఎవరూ కదలడం లేదు, అన్‌సేఫ్' అని అక్కడే రాసేయవచ్చు.

## మూడో అడుగు: P0 అడిగింది (1,0,0)

రిక్వెస్ట్ వచ్చినప్పుడు మూడు పనులు, ఈ వరుసలోనే చేయాలి. మొదట, రిక్వెస్ట్ ఆ ప్రాసెస్ నీడ్‌లో ఇమడాలి. ఇమడకపోతే అది తన పరిమితిని దాటి అడుగుతోంది, ఎర్రర్. రెండోది, రిక్వెస్ట్ అవైలబుల్‌లో ఇమడాలి. లేకపోతే ఎర్రర్ కాదు, ఆ ప్రాసెస్ వేచి ఉండాలి. ఈ రెండు జవాబులూ వేరు. మూడోది, ఇచ్చేసినట్టు కాగితం మీద రాసుకుని సేఫ్టీ పరీక్ష మళ్లీ చేయాలి.

P0 నీడ్ (3,1,2) లో (1,0,0) ఇమిడింది. అవైలబుల్ (2,1,1) లోనూ ఇమిడింది. ఇచ్చినట్టు అనుకుందాం. మారేవి మూడు చోట్ల: అవైలబుల్ తగ్గుతుంది, P0 అలకేషన్ పెరుగుతుంది, P0 నీడ్ తగ్గుతుంది. ఈ మూడోది మర్చిపోయేవారు ఎక్కువ.

```
Available  = (1,1,1)
P0 Alloc   = (3,1,1)
P0 Need    = (2,1,2)

P0: (2,1,2) <= (1,1,1)?  No
P1: (1,1,1) <= (1,1,1)?  Yes   Work = (2,1,3)
P2: (4,2,1) <= (2,1,3)?  No
P3: (3,1,3) <= (2,1,3)?  No
P0: (2,1,2) <= (2,1,3)?  Yes   Work = (5,2,4)
P2: (4,2,1) <= (5,2,4)?  Yes   Work = (8,3,5)
P3: (3,1,3) <= (8,3,5)?  Yes   Work = (9,5,6)
```

సేఫ్. P0కు ఆ ఒక్క A వెంటనే ఇవ్వవచ్చు. P0 పూర్తయినప్పుడు పాత (2,1,1) కాదు, కొత్త అలకేషన్ (3,1,1) కలిపామని గమనించండి. పాతది కలిపితే చివర A లో 9 బదులు 8 వస్తుంది.

## అదే (1,0,0) P2 అడిగితే

ఇక్కడ ముందు అసలు టేబుల్‌కు తిరిగి వెళ్లాలి. P0కు ఇచ్చినట్టు రాసుకున్నది ఊహ మాత్రమే. ప్రశ్నలో 'ఆ తర్వాత' అని ఉంటే తప్ప ప్రతి రిక్వెస్ట్‌నూ మొదటి స్టేట్ నుంచే చూడాలి.

P2 నీడ్ (4,2,1) లో ఇమిడింది. అవైలబుల్‌లోనూ ఇమిడింది. పైకి చూస్తే P0 రిక్వెస్ట్‌కూ దీనికీ తేడా లేదు. ఇచ్చి చూద్దాం.

```
Available  = (1,1,1)
P2 Alloc   = (4,1,1)
P2 Need    = (3,2,1)

P0: (3,1,2) <= (1,1,1)?  No
P1: (1,1,1) <= (1,1,1)?  Yes   Work = (2,1,3)
P2: (3,2,1) <= (2,1,3)?  No
P3: (3,1,3) <= (2,1,3)?  No
P0: (3,1,2) <= (2,1,3)?  No
```

P1 పూర్తయింది, ఇక ఎవరూ కదలరు. అన్‌సేఫ్. P2కు ఇవ్వకూడదు, అది వేచి ఉండాలి, టేబుల్ పాత అంకెలతోనే ఉండాలి.

నేను ఆ రోజు బోల్తా పడింది సరిగ్గా ఇలాంటి చోటే. ఒక ప్రాసెస్ పూర్తయిందంటే దారి దొరికినట్టే అనుకున్నాను. ఒకటి కాదు, నాలుగూ పూర్తికావాలి.

ఎందుకిలా అయింది? అంకెలను కాసేపు మనుషుల్లా చూడండి. P1 వెళ్లిపోయాక చేతిలో A రకం 2 ఉన్నాయి. P0కు 3 కావాలి, P2కు 3 కావాలి, P3కు 3 కావాలి. ముగ్గురికీ ఒక్కొక్క A తక్కువ. P0 అడిగినప్పుడు ఇచ్చిన A దాని అవసరాన్ని 3 నుంచి 2కు తగ్గించింది. ఆ 2 మన దగ్గర ఉన్నాయి. కాబట్టి P0 పూర్తయి, తన దగ్గరున్న మూడు A లతో సహా తిరిగి ఇచ్చింది. P2కు ఇచ్చిన A దాని అవసరాన్ని 4 నుంచి 3కు మాత్రమే తగ్గించింది, ఇంకా అందలేదు. కొరతలో ఉన్న వస్తువును త్వరగా తిరిగి తెచ్చేవాడికి ఇవ్వవచ్చు, పట్టుకుని కూర్చునేవాడికి ఇవ్వకూడదు. ఆ లక్ష అడిగిన మూడోవాడు గుర్తున్నాడు కదా, P2 అచ్చంగా అతనే.

## P3 అడిగింది (0,0,1)

ఇది చిన్నది. P3 నీడ్ (3,1,3) లో ఇమిడింది, అవైలబుల్‌లో C ఒకటే ఉంది, అదీ ఇమిడింది. ఇస్తే అవైలబుల్ (2,1,0). P3 నీడ్ (3,1,2) అవుతుంది. ఇప్పుడు నీడ్ టేబుల్‌లో C కాలమ్ చదవండి: 2, 1, 1, 2. అందరికీ కనీసం ఒక C కావాలి, ఉన్నది సున్నా. ఒక్కరు కూడా మొదలుకాలేరు. అన్‌సేఫ్, ఇవ్వకూడదు.

అదే C ని P1 అడిగి ఉంటే? దాని నీడ్ (1,1,0) అయ్యేది, అవైలబుల్ (2,1,0) లో ఇమిడేది. P1 పూర్తయి మూడు C లు వదిలేది, వర్క్ మళ్లీ (3,1,3) కి వచ్చేది. అక్కడి నుంచి మనకు తెలిసిన దారే. ఆఖరి యూనిట్ ఇవ్వకూడదని నియమమేమీ లేదు. ఎవరికి అన్నదే ప్రశ్న.

ఇలాంటి రిక్వెస్ట్‌లు వచ్చినప్పుడు అవైలబుల్‌లో ఏ కాలమ్ సున్నా అయిందో ముందు చూసుకుంటే పని తగ్గుతుంది. ఆ కాలమ్‌లో నీడ్ సున్నా ఉన్న ప్రాసెస్ ఒక్కటైనా లేకపోతే మిగతా లెక్క అక్కర్లేదు.

## 'ఆ తర్వాత' అని ఉంటే

ఈ రెండు మాటలు జవాబునే మార్చేస్తాయి. P3 విడిగా (1,0,0) అడిగిందనుకోండి. అవైలబుల్ (1,1,1), P3 నీడ్ (2,1,3). P1 తర్వాత వర్క్ (2,1,3), P3 సరిగ్గా ఇమిడి పూర్తవుతుంది, వర్క్ (4,3,4). తర్వాత P0, P2. సేఫ్, ఇవ్వవచ్చు.

'P0కు (1,0,0) ఇచ్చారు. ఆ తర్వాత P3 (1,0,0) అడిగింది' అని ఉంటే? అవైలబుల్ (1,1,1) నుంచి (0,1,1) కి పడిపోతుంది. P0 నీడ్‌లో A 2, P1లో 1, P2లో 4, P3లో 2. A సున్నాతో ఎవరూ కదలరు. ఇవ్వకూడదు. విడిగా చూస్తే ఇద్దరికీ ఇవ్వవచ్చు, ఒకరి తర్వాత ఒకరికి ఇవ్వలేం. ప్రశ్నలో స్పష్టంగా లేకపోతే 'మొదటి స్టేట్ నుంచి చూస్తున్నాను' అని ఒక వాక్యం రాసి మొదలుపెట్టడం మేలు.

గేట్ లాంటి పరీక్షల్లో ఇదే లెక్క తిరగేసి రావచ్చు: అవైలబుల్ (2,1,x) అయితే సేఫ్‌గా ఉండటానికి x కనీసం ఎంత? అన్ని విలువలూ వేసి చూడక్కర్లేదు. మన నీడ్ టేబుల్‌లో C కాలమ్ కనిష్ఠం 1, కాబట్టి x సున్నా అయితే మొదటి అడుగే పడదు. x = 1 తో సేఫ్ అని చూసేశాం. జవాబు 1.

## అన్‌సేఫ్ అంటే డెడ్‌లాక్ కాదు

P2కు ఇచ్చేసి ఉంటే డెడ్‌లాక్ వచ్చేసినట్టేనా? కాదు. ఈ తేడాను రెండు వాక్యాల్లో రాయమని తరచూ అడుగుతారు, పుస్తకంలో నిర్వచనం కంటే ఈ టేబుల్‌తో చెప్పడం తేలిక.

P1 పోయాక చేతిలో (2,1,3) ఉన్నాయి. మిగిలిన ముగ్గురూ తమ మ్యాక్స్ దాకా అడిగితేనే చిక్కు. మ్యాక్స్ అన్నది పరిమితి మాత్రమే, అంతా వాడి తీరాలని లేదు. P3 ఈసారి మూడు A లకు బదులు రెండిటితోనే పని ముగించుకుందనుకోండి. అది తన దగ్గరున్నవన్నీ వదిలేస్తుంది, వర్క్ (3,3,4) అవుతుంది, P0, P2 ఇద్దరికీ దారి దొరుకుతుంది. డెడ్‌లాక్ రాలేదు. కానీ P3 ఎంత అడుగుతుందో ఆపరేటింగ్ సిస్టమ్‌కు ముందే తెలియదు, తెలిసింది పరిమితి ఒక్కటే. అందుకే అది చెత్త పరిస్థితినే లెక్కలోకి తీసుకుంటుంది. సేఫ్‌లో ఉన్నంత కాలం డెడ్‌లాక్ రాకుండా చూసుకోగలదు. అన్‌సేఫ్‌లోకి వెళ్తే ఆ పట్టు చేజారి, ప్రాసెస్‌ల ప్రవర్తన మీద ఆధారపడాల్సి వస్తుంది.

ఈ జాగ్రత్తకు ఖర్చు ఉంది. P2కు ఇచ్చినా ఏమీ కాకపోయే రోజుల్లో కూడా అది వేచి ఉండాల్సిందే, A ఖాళీగా పడి ఉన్నా. పైగా ప్రతి రిక్వెస్ట్‌కూ ఈ లెక్కంతా మళ్లీ చేయాలి. n ప్రాసెస్‌లు, m రకాల రిసోర్స్‌లు ఉంటే పని m × n² స్థాయిలో పెరుగుతుంది. మన టేబుల్‌కు అది 3 × 16, అంటే 48. వందల ప్రాసెస్‌లు పుడుతూ పోతూ ఉండే యంత్రంలో అది చిన్న సంఖ్య కాదు.

అసలు అడ్డంకి మాత్రం మ్యాక్స్ అనే కాలమ్. మీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచినప్పుడు అది ఎన్ని ఫైళ్లు తెరుస్తుందో, ఎన్ని లాక్‌లు పట్టుకుంటుందో ముందుగా ఎవరికీ చెప్పదు, చెప్పలేదు కూడా. మీరు ఎన్ని ట్యాబ్‌లు తెరుస్తారో దానికేం తెలుసు? ఆ కాలమ్ ఖాళీగా ఉంటే నీడ్ లేదు, నీడ్ లేకపోతే పోల్చడానికి ఏమీ లేదు. అందుకే లినక్స్, విండోస్ లాంటి సాధారణ వ్యవస్థలు ప్రతి రిక్వెస్ట్‌కూ ఈ లెక్క చేయవు. లాక్‌లను ఎప్పుడూ ఒకే క్రమంలో తీసుకోవడం లాంటి పద్ధతులతో ప్రోగ్రామర్లే జాగ్రత్త పడతారు. 'బ్యాంకర్స్ అల్గారిథమ్ పరిమితులు రాయండి' అని చివర్లో నాలుగు మార్కులకు అడిగితే, మ్యాక్స్ ముందే తెలియాలి అన్నదాన్ని మొదటి వాక్యంగా రాసి, ప్రాసెస్‌ల సంఖ్య మారకూడదు, ఉన్న రిసోర్స్ మధ్యలో పాడైపోకూడదు, ప్రతి రిక్వెస్ట్‌కూ ఈ లెక్క భారం మోయాలి అన్నవి దాని కింద చేర్చండి.